అమ్ముదామంటే కొనేవాడు లేని షేర్: ఫ్రీ ఫ్లోట్ లెక్క మీరే వేసుకోవడం ఎలా

పెరంబూరులో ఉండే మా చిన్నాన్న కొడుకు ఒక రోజు పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్ చేశాడు. "అన్నా, అమ్మడానికి పెట్టాను. స్క్రీన్ మీద కొనేవాళ్ళ వైపు మొత్తం సున్నాలే ఉన్నాయి. యాప్ పనిచేయట్లేదా?" అన్నాడు. యాప్ బాగానే ఉంది. వాడు కొన్న షేర్ లోయర్ సర్క్యూట్‌లో ఉంది. అంటే ఆ రోజుకి ఎంత వరకు పడవచ్చో అంత వరకూ పడిపోయింది, ఆ ధరకి కూడా కొనేవాడు రాలేదు.

అంతకు ముందు వారం వాడు నాతో గట్టిగా వాదించాడు. "180 కోట్ల కంపెనీ అన్నా, నేను పెట్టింది ఆరు లక్షలు. సముద్రంలో చెంబుడు నీళ్ళు. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చు." ఆ 180 కోట్ల అంకె తప్పు కాదు. కానీ వాడికి కావాల్సిన అంకె అది కాదు. ఏది చూడాల్సిందో, దాన్ని ఎలా లెక్కేయాలో ఆ షేర్‌నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. కంపెనీ పేరు చెప్పను. లెక్క సులువుగా సాగడానికి అంకెలను కాస్త గుండ్రం చేశాను.

మొదట: మార్కెట్ క్యాప్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మొత్తం షేర్లను ఇప్పటి ధరతో గుణిస్తే వచ్చేది మార్కెట్ క్యాప్. ఈ కంపెనీకి మొత్తం 1 కోటీ 20 లక్షల షేర్లు. ధర 150 రూపాయలు. కాబట్టి 180 కోట్లు.

మన ఊళ్ళో పొలం రేటు ఎలా పుడుతుందో గుర్తు తెచ్చుకోండి. ఊరి మొత్తం మీద వెయ్యి ఎకరాలుంటాయి. ఏడాదిలో రెండెకరాలు అమ్ముడవుతాయి, అది కూడా రోడ్డు పక్కవి. ఎకరం కోటికి పోయిందని తెలియగానే ఊళ్ళో అందరి పొలాలూ ఎకరం కోటి అయిపోతాయి. వెయ్యి కోట్ల ఊరు అనుకుంటాం. కానీ ఆ వెయ్యి కోట్లు ఎవరూ పెట్టలేదు. చేతులు మారింది రెండు కోట్లు. మార్కెట్ క్యాప్ కూడా అంతే. ఆఖరున జరిగిన చిన్న బేరాన్ని, అసలు అమ్మకానికే రాని షేర్లకు కూడా అంటగట్టి వేసిన లెక్క అది.

అందుకే అసలు చూడాల్సింది అమ్మకానికి రాగల షేర్లు ఎన్ని అని. వాటినే ఫ్రీ ఫ్లోట్ అంటారు. మన సూచీలు కూడా ఈ దారికే వచ్చాయి. సెన్సెక్స్ 2003 సెప్టెంబర్ 1 నుంచి, నిఫ్టీ 2009 జూన్ 26 నుంచి మొత్తం మార్కెట్ క్యాప్ వదిలేసి ఫ్రీ ఫ్లోట్ ఆధారంగానే కంపెనీలకు బరువు ఇస్తున్నాయి.

బీఎస్ఈ వెబ్‌సైట్‌లో ఏ షేర్ పేజీ తెరిచినా `Mcap Full (Cr.)`, `Mcap FF (Cr.)` అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది పూర్తి లెక్క, రెండోది ఫ్రీ ఫ్లోట్ లెక్క. పెద్ద కంపెనీలకు ఈ రెండో అంకె చాలు. చిన్న కంపెనీకి అక్కడితో ఆగకూడదు. ఎందుకో చూద్దాం.

రెండో అడుగు: షేర్లు ఎవరి చేతుల్లో ఉన్నాయో తీసివేస్తూ పోవడం

ప్రతి లిస్టెడ్ కంపెనీ మూడు నెలలకోసారి, క్వార్టర్ ముగిసిన 21 రోజుల్లోగా ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వాలి. అదే పేజీలో `Shareholding Pattern` అనే చోట దొరుకుతుంది. ముందుగా ప్రమోటర్ల, అంటే కంపెనీని తమ చేతిలో ఉంచుకున్న యజమానుల వాటా కనిపిస్తుంది. మన ఉదాహరణలో అది 73 శాతం, అంటే 87.6 లక్షల షేర్లు. ప్రమోటర్ల వాటా 75 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది కాబట్టి చాలా చిన్న కంపెనీలు ఆ గీత పక్కనే కూర్చుంటాయి. మిగిలిన 27 శాతం, అంటే 32.4 లక్షల షేర్లు, 'పబ్లిక్' అనే పద్దు కింద ఉంటాయి.

మా తమ్ముడు ఇక్కడే ఆగిపోయాడు. 27 శాతం పబ్లిక్ దగ్గర ఉందంటే 48 కోట్ల రూపాయల విలువైన షేర్లు తిరుగుతున్నాయి కదా అనుకున్నాడు. పబ్లిక్ అనే పద్దులో ఉన్నవాళ్ళంతా మనలాగా యాప్ తెరిచి అమ్మేవాళ్ళు కాదు. ఆ పట్టికను వరుసగా చదివితే నాలుగు రకాల షేర్లు కనిపించాయి.

`Bodies Corporate` కింద మూడు ప్రైవేట్ కంపెనీలు ఉన్నాయి. ఒక శాతం దాటి ఉన్నవాళ్ళ పేర్లు పట్టికలో విడిగా ఇస్తారు కాబట్టి తెలిసింది. 4.1, 2.7, 2.2 శాతం. మొత్తం 9 శాతం, 10.8 లక్షల షేర్లు. గత ఎనిమిది క్వార్టర్ల పట్టికలు తీసి చూస్తే ఈ అంకెలు ఒక్క షేర్ కూడా కదల్లేదు. ఇలా ఏళ్ళ తరబడి కదలని పెద్ద వాటాను నేను ఫ్లోట్‌లో కలపను. కాగితం మీద అది పబ్లిక్ వాటానే కావచ్చు. ఆ షేర్లు రోజూ అమ్మకానికి వచ్చేవి మాత్రం కావు.

తర్వాతది ఐఈపీఎఫ్. వరుసగా ఏడేళ్ళు డివిడెండ్ ఎవరూ తీసుకోకపోతే ఆ షేర్లు ఈ ప్రభుత్వ నిధికి వెళ్ళిపోతాయి. హక్కుదారు కాగితాలన్నీ పట్టుకొచ్చి అడిగేదాకా అవి అక్కడే. మన కంపెనీలో 2.4 లక్షలు.

మూడోది చాలామంది చూడనిది. పబ్లిక్ మొత్తం షేర్లు ఒక కాలమ్‌లో, వాటిలో డీమ్యాట్ రూపంలో ఉన్నవి ఇంకో కాలమ్‌లో ఇస్తారు. ఇక్కడ మొత్తం 32.4 లక్షలైతే డీమ్యాట్‌లో ఉన్నవి 27.6 లక్షలే. తేడా 4.8 లక్షలు ఇంకా కాగితం సర్టిఫికెట్లుగానే ఉన్నాయి. కాగితం షేర్లను 2019 ఏప్రిల్ నుంచి ఇంకొకరి పేరుకి అమ్మి బదిలీ చేసే వీలు లేదు, ముందు డీమ్యాట్ చేయించాలి. ఎనభైల్లో, తొంభైల్లో లిస్టయిన కంపెనీల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. ఎవరి బీరువాల్లోనో, ఎప్పుడో చనిపోయిన తాతగారి ట్రంకు పెట్టెల్లోనో ఉండే షేర్లవి.

నాలుగోది, ఒక వ్యక్తి దగ్గర 5 శాతం, 6 లక్షల షేర్లు. పాత పట్టికల్లో ఆయన అంకె కూడా కదల్లేదు.

ఇప్పుడు తీసివేద్దాం. 32.4 లక్షల్లోంచి 10.8, 2.4, 4.8, 6 పోతే 8.4 లక్షలు మిగిలాయి. కంపెనీలో 7 శాతం. 150 రూపాయల చొప్పున 12 కోట్ల 60 లక్షలు. 180 కోట్ల సముద్రం అనుకున్నది ఇంతే. అందులో ఆరు లక్షలు చెంబుడు నీళ్ళు కావు.

ఇది నా సొంత లెక్క, ఎక్స్ఛేంజ్ లెక్క కాదు. నేను తీసేసిన వాటిలో కొన్నింటిని వాళ్ళు ఫ్లోట్‌లోనే ఉంచవచ్చు. వాళ్ళది సూచీల కోసం, అందరికీ ఒకే కొలత. మనకి కావాల్సింది రేపు పొద్దున అమ్మకానికి రాగల షేర్లెన్ని అన్నది.

శాతం చూసి భయపడొద్దు, మోసపోవద్దు

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఫ్లోట్ చిన్నదా పెద్దదా అన్నది శాతంతో తేలదు, షేర్ల సంఖ్యతోనూ తేలదు. దీనికి మన చెన్నైలోనే రెండు మంచి ఉదాహరణలున్నాయి.

అన్నా సాలై మీద వెళ్తుంటే ఎల్ఐసీ బిల్డింగ్ చూడనివాళ్ళు ఉండరు. ఆ ఎల్ఐసీ 2022 మేలో ఐపీఓకి వచ్చినప్పుడు ప్రభుత్వం అమ్మింది 3.5 శాతమే. శాతంగా చూస్తే మన ఉదాహరణలోని 7 శాతంలో సగం. కానీ మొత్తం షేర్లు 632 కోట్ల పైచిలుకు కాబట్టి, ఆ 3.5 శాతమే 22 కోట్ల షేర్లయింది. 949 రూపాయల ఇష్యూ ధరకి దాదాపు 21 వేల కోట్లు. అందులో ఎవరైనా పది కోట్లు పెట్టి కొన్నా ధర ఎగిరిపడదు.

రెండోది చెన్నై కంపెనీయే, ఎంఆర్‌ఎఫ్. మొత్తం షేర్లు 42 లక్షల చిల్లర మాత్రమే. 2023 జూన్‌లో ఒక్కో షేర్ లక్ష రూపాయలు దాటింది. షేర్లు తక్కువ కాబట్టే ధర అంత అని, ఫ్లోట్ లేని షేర్ అని చాలామంది అనుకుంటారు. ప్రమోటర్ల వాటా అక్కడ 28 శాతం లోపే. బయట ఉన్న ముప్పై లక్షల షేర్లను లక్షతో గుణిస్తే ముప్పై వేల కోట్లు. మన ఉదాహరణ కంపెనీలో మిగిలిన షేర్ల సంఖ్య దీంట్లో పావు వంతు పైనే ఉంది. రూపాయల్లో చూస్తే మాత్రం దరిదాపుల్లో లేదు.

కాబట్టి ఫ్లోట్‌ని ఎప్పుడూ రూపాయల్లోకి మార్చి చూడండి. ఆ తర్వాత ఆ షేర్ వెంట పడే డబ్బు ఎంతో దాని పక్కన పెట్టండి. కొనితీరాల్సిన వాళ్ళు ఉంటే పెద్ద కంపెనీకి కూడా ఇదే గతి పడుతుంది. 2008 అక్టోబర్‌లో జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ షేర్‌కి అదే జరిగింది. తన చేతిలో 42.6 శాతం షేర్లు, ఇంకో 31.5 శాతానికి ఆప్షన్లు ఉన్నాయని పోర్షా కంపెనీ ఒక ఆదివారం ప్రకటించింది. లోయర్ సాక్సనీ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర మరో 20 శాతం ఉంది. మిగిలింది 6 శాతం లోపే. షార్ట్ చేసినవాళ్ళు, అంటే షేర్లు అరువు తెచ్చి ముందే అమ్మేసినవాళ్ళు, తిరిగి కొనాల్సిన షేర్లు అంతకంటే ఎక్కువ. ధర రెండు రోజుల్లో 200 యూరోల దగ్గర్నుంచి వెయ్యి దాటి, కాసేపు ప్రపంచంలోనే అత్యంత విలువైన కంపెనీ అయింది. ఆ రెండు రోజుల్లో వాళ్ళ కార్ల వ్యాపారంలో ఏ మార్పూ రాలేదు.

మూడో అడుగు: ఆర్డర్ల పట్టిక మీద మీ సొమ్ముని నడిపించి చూడటం

ఫ్లోట్ చిన్నదైతే షేర్ ఎందుకు గెంతుతుందో ఇక్కడ కళ్ళారా కనిపిస్తుంది. బ్రోకర్ యాప్‌లో షేర్ మీద నొక్కితే ఐదు కొనుగోలు ధరలు, ఐదు అమ్మకం ధరలు వస్తాయి. ఆ 8.4 లక్షల షేర్లూ అక్కడ వరుసలో నిలబడి ఉండవు. ఆ నిమిషంలో అమ్ముతానని ముందుకొచ్చినవి మాత్రమే ఉంటాయి. మా తమ్ముడు కొనకముందు ఒక రోజు వాడి స్క్రీన్ మీద అమ్మేవైపు ఇలా ఉంది: 150 రూపాయలకి 220 షేర్లు, 150.90కి 150, 152కి 400, 153.50కి 300, 155కి 500. ఐదు వరుసలూ కలిపితే 1,570 షేర్లు.

ఒకాయన 2,000 షేర్లు కావాలని మార్కెట్ ఆర్డర్ పెట్టాడనుకోండి. మొదటి 220 షేర్లు 150కి దొరుకుతాయి. అవి అయిపోగానే 150.90కి, తర్వాత 152కి, అలా మెట్టు మెట్టు ఎక్కుతూ ఐదు వరుసలూ తుడిచిపెట్టేసినా ఇంకా 430 తక్కువ. ఆ వెనక ఉన్నది 157. అక్కడ ఆర్డర్ పూర్తయింది. ఆయన పెట్టింది మొత్తం 3 లక్షల 7 వేల 500 రూపాయలు. సగటు ధర 153.75. కానీ ఆఖరి బేరం 157 కాబట్టి అందరికీ కనిపించే ధర 157.

ఇప్పుడు మార్కెట్ క్యాప్ చూడండి. ఏడు రూపాయలు పెరిగింది, 1.2 కోట్ల షేర్లు, అంటే 8 కోట్ల 40 లక్షలు పెరిగినట్టు. మూడు లక్షల కొనుగోలుతో! ప్రతి ఫోన్‌లో ఆ షేర్ 4.67 శాతం పచ్చగా మెరుస్తుంది. సర్క్యూట్ పరిమితి 5 శాతం, అంటే 157.50, అర్ధ రూపాయి దూరంలో ఉంది. అది చూసి ఇంకొకరు పరుగెత్తుకొస్తారు.

మీరు కొనబోయే మొత్తానికి ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. దీన్ని ఇంపాక్ట్ కాస్ట్ అంటారు. మొదటి కొనుగోలు ధర 149.50, మొదటి అమ్మకం ధర 150, మధ్య ధర 149.75. మీ సగటు 153.75. తేడా 2.67 శాతం. షేర్ కొన్న నిమిషానే అంత నష్టంలో ఉన్నట్టు. నిఫ్టీ 50లో చేరాలంటే పది కోట్ల ఆర్డర్‌కి కూడా ఇది 0.50 శాతం దాటకూడదు. మూడు లక్షలకే రెండున్నర శాతం దాటితే ఆ షేర్ ఎంత పలచగా ఉందో అర్థమవుతుంది. ఇలాంటి షేర్‌లో మార్కెట్ ఆర్డర్ ఎప్పుడూ పెట్టకండి. ధర రాసి లిమిట్ ఆర్డరే పెట్టండి, దొరికినన్ని దొరుకుతాయి.

ఇంకో సంగతి ఉంది, అదే ఈ గెంతులకి అసలు మూలం. ఫ్లోట్ స్థిరంగా ఉండదు, అవసరమైన వేళకే ముడుచుకుపోతుంది. ధర పెరుగుతుంటే అమ్మాలనుకున్నవాడు రేపు ఇంకా వస్తుందిలే అని ఆర్డర్ వెనక్కి తీసుకుంటాడు. అప్పుడు అప్పర్ సర్క్యూట్ తగిలి, కొనేవాళ్ళ క్యూ పెరుగుతుంది. పడుతుంటే కొనేవాడు రేపు ఇంకా చవగ్గా దొరుకుతుందని ఆగిపోతాడు. పెద్ద షేర్‌లో ఒకడు తప్పుకుంటే ఇంకో వందమంది ఉంటారు. ఇక్కడ ఆ వందమంది లేరు.

నాలుగో అడుగు: బయటికి రావడానికి ఎన్ని రోజులు

ఇది కొనకముందే వేయాల్సిన లెక్క. మా తమ్ముడు మూడు రోజులు అప్పర్ సర్క్యూట్ క్యూలో నిలబడి 4,000 షేర్లు, సగటున 152కి కొన్నాడు. ఆ వారం రోజుకి సగటున 9,000 షేర్లు చేతులు మారుతున్నాయి. నా పద్ధతి ఏమిటంటే, ఒక రోజు వాల్యూమ్‌లో పదో వంతుకి మించి నేను అమ్మితే ధరని నేనే పడగొట్టినట్టు. ఆ లెక్కన రోజుకి 900, నాలుగైదు రోజుల్లో బయటపడొచ్చు. బాగానే ఉన్నట్టుంది కదా?

తప్పు ఎక్కడంటే ఆ 9,000 సందడి రోజుల వాల్యూమ్. మనం అమ్మాల్సి వచ్చేది సందడి అణిగాక. అందుకని షేర్ పరుగు మొదలుకాకముందు మూడు నెలల వాల్యూమ్ చూడండి. ఇక్కడ అది రోజుకి 1,200. పదో వంతు 120. నాలుగు వేల షేర్లకి 33 ట్రేడింగ్ రోజులకి పైనే, నెలన్నర. డెలివరీ శాతం, అంటే కొన్నవాటిలో అదే రోజు తిరిగి అమ్మేయకుండా డీమ్యాట్‌లోకి తీసుకున్న షేర్ల శాతం కూడా పక్కనే చూడండి. వాల్యూమ్ ఎక్కువగా ఉండి డెలివరీ తక్కువగా ఉంటే, అవే కొద్ది షేర్లు పొద్దున ఒక చేతికి, సాయంత్రం ఇంకో చేతికి తిరుగుతున్నాయని అర్థం.

ధర 190 దాకా వెళ్ళింది. స్క్రీన్ మీద లక్షన్నర లాభం కనిపించిందని వాడు ఇంట్లో అందరికీ చూపించాడు. తర్వాత వరుసగా ఏడు రోజులు 5 శాతం లోయర్ సర్క్యూట్. ప్రతి రోజూ తగ్గిన ధర మీదే లెక్క కాబట్టి ఏడు సార్లు ఐదేసి శాతం అంటే 30 శాతం. 190 కాస్తా 133 దగ్గరికి వచ్చింది. ఆ ఏడు రోజుల్లోనూ వాడు రోజూ తొమ్మిదింటికే ఆర్డర్ పెట్టాడు. అందరూ అదే ధరకి అమ్మేవాళ్ళే కాబట్టి ముందు పెట్టినవాడి వంతే ముందు. వాడి వంతు రాలేదు. టెన్షన్‌తో భోజనం కూడా సరిగా చేయలేదని మరదలు చెప్పింది. చివరికి సగటున 121కి అమ్మాడు. 1 లక్షా 24 వేలు పోయాయి. ధర ఇంతకి పడితే అమ్మేయమని ముందే చెప్పే స్టాప్‌లాస్ వాడు పెట్టుకునే ఉన్నాడు. కానీ కొనేవాడే లేని చోట స్టాప్‌లాస్ అమ్మకం ఆర్డర్‌గా మారి క్యూ చివర నిలబడుతుంది, అంతే.

చిన్న ఫ్లోట్ ఉన్న కంపెనీ చెడ్డదని నేను అనను. కంపెనీ బాగుంటే, అయిదారేళ్ళు ముట్టుకోనక్కర్లేని డబ్బయితే, కొద్దికొద్దిగా లిమిట్ ఆర్డర్లతో కొనుక్కోవచ్చు. పిల్లల కాలేజీ ఫీజు కోసం జూన్‌లో కావాల్సిన డబ్బు మాత్రం ఇందులో పెట్టకూడదు.

ఐదో అడుగు: ఫ్లోట్ ఎప్పుడు మారుతుందో తేదీలు రాసిపెట్టుకోవడం

కొత్తగా లిస్టయిన షేర్లలో ఇది తేలిక, ఎందుకంటే తేదీలు ముందే తెలుసు. ఐపీఓ అందరికీ తెరవకముందే షేర్లు తీసుకునే పెద్ద సంస్థలు, అంటే యాంకర్ ఇన్వెస్టర్లకు ఇచ్చిన వాటాలో సగం 30 రోజులకి, మిగతా సగం 90 రోజులకి అమ్మకానికి వీలవుతుంది. ఐపీఓకి ముందు నుంచి ఉన్న ప్రమోటరేతర వాటాదార్లలో చాలామందికి లాక్-ఇన్, అంటే అమ్మకూడని గడువు, ఆరు నెలలు. లిస్టింగ్ రోజుల్లో ఎగిరిన షేర్ ఆ తేదీల దగ్గర నెమ్మదించడం లేదా పడటం చూస్తుంటాం, ఫ్లోట్ ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి. స్ప్లిట్, బోనస్‌లతో షేర్ల సంఖ్య పెరిగినా రూపాయల్లో ఫ్లోట్ మారదు.

పాత కంపెనీల్లో తేదీలుండవు. పాత పట్టికలే ఆధారం, అవి వెనకటి సంగతే చెబుతాయి. మా తమ్ముడు అమ్మేసిన తర్వాత కొత్త క్వార్టర్ పట్టిక వచ్చింది. ఇద్దరం కూర్చుని చూశాం. ఎనిమిది క్వార్టర్లుగా కదలని ఆ మూడు ప్రైవేట్ కంపెనీల్లో మొదటిదాని వాటా 4.1 నుంచి 1.3 శాతానికి దిగింది. 2.8 శాతం, అంటే 3 లక్షల 36 వేల షేర్లు, సరిగ్గా ధర పరుగెత్తిన ఆ క్వార్టర్‌లోనే బయటికొచ్చాయి. ఒకే రోజు 0.5 శాతం దాటి, అంటే 60 వేల షేర్లకు మించి అమ్మి ఉంటే బల్క్ డీల్ కింద ఆ సాయంత్రమే ఎక్స్ఛేంజ్ సైట్‌లో పేరు కనిపించేది. మేం ఆ రోజుల జాబితా అంతా వెతికాం, లేదు. 5 శాతం పైన వాటా ఉన్నవాళ్ళైతే 2 శాతం మారినప్పుడు చెప్పాలి. 4.1 శాతం ఉన్నవాళ్ళకి ఆ అవసరం లేదు. అప్పటి నుంచి నేను ఆ రెండో అడుగులో కదలని వాటాలను తీసివేసేటప్పుడు, 5 శాతం లోపు ఉన్న ప్రైవేట్ కంపెనీల పేర్లను పక్కన విడిగా రాసుకుంటున్నాను. కొనేటప్పుడు వాటిని ఫ్లోట్‌లో లేనట్టు లెక్కేస్తాను, ధర పరుగెత్తడం మొదలైతే అవన్నీ అమ్మకానికి వస్తాయన్నట్టు లెక్కేస్తాను.